బిందు సేద్యం: ఆదా అయిన నీరెక్కడ?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ నీటిపారుదల పథకం 2003లో మొదలైంది. పరికరాలకు రాయితీ ఇవ్వడానికి చూపిన ముఖ్య కారణాలలో నీటి ఆదా ఒకటి. అయితే పొలంలో గొట్టాలు పరిచి, తనిఖీ ముగిసి, రాయితీ విడుదలైతే దస్త్రం మూతపడుతుంది. పరికరాలు అమర్చిన విస్తీర్ణాన్నే ఆదాగా భావించడం సరికాదు.

సెకనుకు 3 లీటర్లు పోసే బోరు రోజుకు 7 గంటలు నడుస్తున్నదనుకుందాం. అది తోడే నీరు 75,600 లీటర్లు. కాలువల ద్వారా ఒక ఎకరానికి పారిన ఆ నీరు బిందు సేద్యంలో రెండెకరాలకు సరిపోతే, రైతు సహజంగానే రెండో ఎకరం కూడా సాగుచేస్తాడు. అతని ఆదాయం పెరుగుతుంది. అది నిజమైన ప్రయోజనమే. ఎకరాకు వాడకం సగమైంది కనుక నివేదిక 50 శాతం ఆదా చూపుతుంది. బోరు మాత్రం అవే 7 గంటలు నడుస్తుంది. పైగా కాలువ తడిలో భూమిలోకి ఇంకి తిరిగి భూగర్భజలాన్ని చేరే భాగం ఇప్పుడు తగ్గిపోయింది. ఆదా చూపిన చోటనే జలమట్టం మరింత దిగజారే అవకాశం ఉన్నది.

కనుక ఎకరా వాడకంతో పాటు బోరు తోడిన మొత్తం నీటిని కొలవాలి. విద్యుత్ మీటరు లేని మోటార్ల వద్ద కూడా ఇది కష్టం కాదు. డ్రమ్ము నిండే సమయాన్ని బట్టి ప్రవాహం, గంటల మీటరును బట్టి మోటారు నడిచిన కాలం తెలుస్తాయి. పరికరాలు అమర్చకముందు ఒక పంటకాలం, తరువాత కనీసం మూడేళ్లు ఈ కొలతలను సాగు విస్తీర్ణంతో కలిపి నమోదు చేయాలి. ముందు కొలతే లేకపోతే తరువాతి కొలతకు అర్థం ఉండదు. మంచి వానలు పడిన ఏడాది పెరిగిన జలమట్టం పథకం ఖాతాలోకి చేరకుండా, బిందు సేద్యం లేని పొరుగు గ్రామపు బావులతో పోల్చడం అవసరం. ఈ పనిని పథకాన్ని అమలుచేసే విభాగానికి కాక భూగర్భజల శాఖకు అప్పగించడం మేలు.