పరీక్ష ముందా, పాలపొడి ముందా?

పుట్టిన ప్రతి బిడ్డకూ మడమ గుచ్చి, నాలుగు రక్తపు చుక్కలు అట్ట మీద ఆరబెట్టి, జన్యుపరమైన జీవక్రియ లోపాలు ఉన్నాయేమో చూడాలా? హైదరాబాద్, విజయవాడ లాంటి ఊళ్లలోని ప్రైవేటు ఆసుపత్రుల్లో కాన్పైన వాళ్లకు ఇది కొన్ని వేల రూపాయలు అదనంగా కట్టి చేయించుకునే పరీక్ష. సర్కారు దవాఖానాలో కాన్పైన వాళ్లలో చాలామందికి దాని పేరే తెలియదు. అందరికీ చెయ్యాల్సిందే అనేవాళ్లు ఒకపక్క ఉన్నారు. తేలిన బిడ్డకు పెట్టడానికి తిండి లేనప్పుడు తేల్చి ఏం లాభం అనేవాళ్లు మరోపక్క. రెండు వాదాల్లోనూ పస ఉంది. అయితే ఇద్దరూ అన్ని జబ్బులనూ ఒకే గాటన కట్టి మాట్లాడుతున్నారు, చిక్కు అక్కడే.

ముందు ఫినైల్‌కీటోన్యూరియా సంగతి. పాలు, పప్పు, అన్నం, గుడ్డు, ఏది తిన్నా అందులోని ప్రొటీన్‌తో పాటు ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లం ఒంట్లోకి వస్తుంది. కాలేయంలోని ఒక ఎంజైము దాన్ని టైరోసిన్‌గా మారుస్తుంది. ఆ ఎంజైము పనిచేయకపోతే ఫినైల్‌అలనిన్ రక్తంలో పేరుకుని, ఎదుగుతున్న మెదడును దెబ్బతీస్తుంది. బిడ్డ పుట్టినప్పుడు చక్కగానే ఉంటుంది, ఎందుకంటే కడుపులో ఉన్నన్నాళ్లూ మాయ ద్వారా తల్లి శరీరమే ఆ పని చేసిపెట్టింది. తేడా కనపడేది నెలల తర్వాత: మెడ నిలపడం ఆలస్యం, మూర్ఛలు, జుట్టుకూ చర్మానికీ రంగు తగ్గడం, ఒక రకమైన ముక్కవాసన. అప్పటికి పోయిన తెలివితేటలు పూర్తిగా తిరిగి రావు.

నార్వే డాక్టరు ఫోలింగ్ ఈ జబ్బును 1934లో గుర్తించాడు. ఇద్దరు పిల్లలూ మందబుద్ధులైన ఒక తల్లి పట్టు వదలక తిరగబట్టి, వాళ్ల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ కలిపితే ఆకుపచ్చ రంగు వస్తోందని ఆయన చూడగలిగాడు. 1950ల మొదట్లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో బికెల్ బృందం ఫినైల్‌అలనిన్ తగ్గించిన ఆహారం ఇచ్చి చూపింది. పసిబిడ్డల్లోనే పట్టుకునే చవకైన పరీక్ష మాత్రం అమెరికాలోని బఫెలోలో రాబర్ట్ గత్రీ చేతిలో రూపుదిద్దుకుంది. ఒక రకం బాక్టీరియా పెరగకుండా అడ్డుకునే పదార్థాన్ని జెల్లీలో కలిపి, దాని మీద బిడ్డ రక్తం ఆరిన చిన్న అట్టబిళ్లను ఉంచుతారు. రక్తంలో ఫినైల్‌అలనిన్ ఎక్కువుంటే ఆ అడ్డు తొలగి, బిళ్ల చుట్టూ బాక్టీరియా వలయంగా పెరుగుతుంది. వలయం ఎంత పెద్దదైతే మోతాదు అంత ఎక్కువ. 1963లో మసాచుసెట్స్ ఈ పరీక్షను చట్టంతో తప్పనిసరి చేసింది.

ఆ చట్టాన్ని అప్పుడే కొందరు డాక్టర్లు గట్టిగా వ్యతిరేకించారు. వాళ్లు మూర్ఖులేమీ కారు. ఫినైల్‌అలనిన్ కాస్త పెరిగినా ఏ హానీ జరగని పిల్లలున్నారు, వాళ్లను అసలు జబ్బువాళ్ల నుంచి వేరుచేయడం అప్పటికి చేతకాలేదు. అలాంటి కొందరికి కూడా కఠిన పథ్యం పెట్టారు. ఫినైల్‌అలనిన్ మరీ తగ్గినా ప్రమాదమే, ఎందుకంటే శరీరం దాన్ని సొంతంగా తయారుచేసుకోలేదు. ఎదుగుదల ఆగుతుంది, చర్మం పగులుతుంది. పరీక్షంటూ పెట్టాక తప్పుగా తేలిన బిడ్డకు జరిగే నష్టం కూడా లెక్కలోకి రావాలన్న వాళ్ల మాట ఈనాటికీ చెల్లుతుంది. నెలలు నిండని బిడ్డకూ, నరం ద్వారా పోషకాలు ఎక్కుతున్న బిడ్డకూ అమైనో ఆమ్లాలు పెరిగినట్టు కనపడటం ఇప్పటికీ మామూలే.

ఇక పథ్యం. అసలు తూకం వేయాల్సింది దీన్నే. మూడు కిలోల బిడ్డకు రక్తంలో లీటరుకు 1200 మైక్రోమోల్స్ ఫినైల్‌అలనిన్ వచ్చిందనుకుందాం. ఉండాల్సింది 120 దాటకుండా, చికిత్సలో ఉన్న పిల్లలకు 120 నుంచి 360 మధ్య. ముందు కొద్దిరోజులు తల్లిపాలు ఆపి, ఫినైల్‌అలనిన్ లేని ఫార్ములా పొడి మాత్రమే పట్టి అంకెను దించుతారు. తల్లి పాలు పిండి దాచుకుంటూ ఉండాలి. ఇంట్లో పెద్దవాళ్లకు మింగుడుపడని ఘట్టం ఇదే. “ముర్రుపాలు తాగిన బిడ్డకు డబ్బాపాలా?” అన్న అత్తగారికి డాక్టరే కూర్చోబెట్టి చెప్పాలి. దిగాక తల్లిపాలు మళ్లీ మొదలుపెట్టాల్సిందే. రోజుకు ఈ బిడ్డ 150 మిల్లీగ్రాముల ఫినైల్‌అలనిన్ తట్టుకుంటుందనుకుంటే, అది సుమారు 330 మిల్లీలీటర్ల తల్లిపాలలో వస్తుంది. ఆ కొలత రొమ్ము దగ్గర ఎవరు చూస్తారు? అందుకే ముందు కొలిచిన ఫార్ములా తాగించి, ఆ తర్వాత బిడ్డను తల్లి దగ్గర పడుకోబెట్టి కడుపునిండా తాగనిస్తారు. వారంవారం మడమ చుక్క పరీక్షకు పంపి, ఫార్ములా కొలత పెంచుతూ తగ్గిస్తూ ఉంటారు.

బిడ్డకు నాలుగేళ్లొచ్చాయి. తీవ్రమైన రకం జబ్బయితే రోజుకు 300 మిల్లీగ్రాములు, అంటే సుమారు ఆరు గ్రాముల ప్రొటీన్, దాని మొత్తం బడ్జెట్. ఒక గ్లాసు ఆవుపాలు తాగితే ఆ రోజు ఖాతా అయిపోయినట్టే. ముద్దపప్పుకు వాడే పాతిక గ్రాముల కందిపప్పు కూడా అంతే. ఇడ్లీ, దోసె, పెరుగు, గుడ్డు అన్నీ మాయం. నలభై గ్రాముల బియ్యం వండితే 140 దాకా పోతుంది, ఒక చిన్న బంగాళదుంప వేపుడు 75, ఓ గరిటె బీరకాయ కూర 30. చింతపండు చారు పప్పుకట్టు లేకుండా పోసుకోవచ్చు. నెయ్యి, నూనె, చక్కెరకు లెక్క లేదు. మన వంటింట్లో దీనికి దొరికే పెద్ద అండ సగ్గుబియ్యం, దాంట్లో ప్రొటీన్ దాదాపు లేదు. ఆకలి తీరేంత ఉప్మాకో పాయసానికో (పాలు లేకుండా) అది పనికొస్తుంది. సామర్లకోట వైపు మిల్లుల్లో తయారయ్యే ఈ సరుకు పశ్చిమ దేశాల్లో డబ్బు పోసి కొనే తక్కువ ప్రొటీన్ పిండికి కొంతవరకు ప్రత్యామ్నాయం, మన డైటీషియన్లు దీన్ని ఇంకా బాగా వాడుకోవచ్చు.

అయితే సగ్గుబియ్యంతో ఎదుగుదల రాదు. ఎదుగుదలకు కావలసిన మిగతా అమైనో ఆమ్లాలన్నీ, టైరోసిన్‌తో సహా, ఆ ఫార్ములా పొడిలోనే ఉండాలి. రోజుకు మూడు నాలుగు సార్లు, జీవితాంతం. వాసన అంత ఇంపుగా ఉండదు, పసిప్రాయంలో అలవాటు తప్పితే మళ్లీ తాగించడం కష్టం. ఎక్కువగా బయటి దేశాల నుంచి వచ్చే సరుకది, ధరా ఎక్కువే, ఏదో ఒక నెల దొరకదు. దొరకని నెలలో పొడి లేకుండా తిండి మాత్రం తగ్గిస్తే శరీరం తన కండరాలనే కరిగించుకుంటుంది, అందులోంచీ ఫినైల్‌అలనిన్ రక్తంలోకి వస్తుంది. జ్వరం వచ్చినా ఇదే జరుగుతుంది. పథ్యం బాగానే పాటిస్తున్నాం, అంకె ఎందుకు పెరిగిందని తల్లి అడిగితే, చాలాసార్లు జవాబు ఇదే. ఇంకోటి: నూటికి ఒకరిద్దరిలో లోపం ఎంజైములో కాక దానికి తోడుగా పనిచేసే బయోప్టెరిన్‌లో ఉంటుంది. వాళ్లకు పథ్యంతో అంకె చక్కగా దిగుతుంది, బిడ్డ మాత్రం క్షీణిస్తూనే ఉంటుంది. అందుకని ఫినైల్‌అలనిన్ ఎక్కువని తేలిన ప్రతి బిడ్డకూ ప్టెరిన్ల పరీక్ష చేయకుండా పథ్యం రాసిచ్చి పంపకూడదు.

ఇంత తతంగం మనవాళ్లకు అవసరమా, ఈ జబ్బు యూరప్ వాళ్లది కదా అనే మాట వినపడుతుంది. ఫినైల్‌కీటోన్యూరియా మట్టుకు అక్కడే ఎక్కువన్నది నిజం, కాని మొత్తంగా అమైనో ఆమ్లాల లోపాలు మనకు కొత్త కాదు. 1980లలో కర్ణాటకలో లక్షకు పైగా శిశువుల రక్తం పరీక్షించినప్పుడు ఇవి బయటపడ్డాయి. మేనరికాలూ, మేనమామతో పెళ్లిళ్లూ ఉన్న చోట తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకే లోపమున్న జన్యువును మోసే అవకాశం పెరుగుతుంది. అప్పుడు ప్రతి కాన్పులోనూ నూటికి పాతిక వంతులు ముప్పు. పొడి కొనలేని కుటుంబానికైనా బిడ్డ జబ్బు పేరు తెలియడం వృథా కాదు, తర్వాతి గర్భంలో ముందే చూసుకోవచ్చు. పరీక్ష వైపు నన్ను మొగ్గేలా చేసేది ఈ కారణమే.

కాని మేపుల్ సిరప్ యూరిన్ డిసీజ్ దగ్గరకొచ్చేసరికి నా మొగ్గు మారుతుంది. లూసిన్ లాంటి మూడు అమైనో ఆమ్లాలు విరగని జబ్బిది. బిడ్డ నాలుగైదు రోజులకే పాలు మానేసి, మగతలో పడి, ఒళ్లు బిగపట్టి, మూత్రంలోనూ చెవి గులిమిలోనూ మాడిన చక్కెర వాసనతో ఐసీయూకి చేరుతుంది. ఫినైల్‌కీటోన్యూరియా వారాల గడువిస్తే ఇది రోజుల గడువే ఇస్తుంది. కాన్పైన మర్నాడే డిశ్చార్జి, రక్తం తీసింది నలభై ఎనిమిది గంటలకు, అట్ట కొరియర్‌లో పోయేసరికి ఇంకో మూడు రోజులు, ఫోన్ నంబరు కలవదు. రిపోర్టు వచ్చేలోపు బిడ్డ కోమాలో ఉంటుంది. ఇలాంటి చోట అందరికీ పరీక్ష అన్న మాట కాగితం మీదే. అంతకంటే ముందు కావలసింది వేరు. మొదటి వారంలో ఒక బిడ్డ కారణం తెలియకుండా పోయిన ఇంట్లో, తర్వాతి కాన్పుకే అన్నీ సిద్ధంగా పెట్టుకోవాలి. మగతగా పడుతున్న నవజాత శిశువును ఇన్ఫెక్షనే అని తేల్చేయకుండా అమోనియా, అమైనో ఆమ్లాలు చూసే అలవాటు జిల్లా ఆసుపత్రిలో రావాలి. హోమోసిస్టిన్యూరియా కథ ఇంకో వైపు. దానికి గడువు ఏళ్ల తరబడి ఉంటుంది, కాని మొదటి రోజుల్లో మెథియోనిన్ ఇంకా పెరగకపోవడంతో మడమ చుక్కకు దొరకకుండా తప్పించుకునే పిల్లలుంటారు. అందుకే చిన్నప్పుడు పరీక్ష బాగుందని రాసిన కాగితం, పదేళ్ల వయసులో కంటి లెన్సు జారిన పిల్లవాడి విషయంలో భరోసా కాదు.

2021 నాటి జాతీయ అరుదైన జబ్బుల విధానం ప్రత్యేక ఆహారంతో నెట్టుకొచ్చే ఈ జబ్బులను ఒక వర్గంగా గుర్తించింది. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి ఒక కేంద్రంగా ఉన్నాయి. అంటే పొడికి దారి బొత్తిగా లేదని చెప్పలేం. కాబట్టి నా లెక్క ఇది: థైరాయిడ్ లోపం కోసం ఎలాగూ అందరి రక్తం తీయాల్సిందే కనుక, ఆ చుక్కలోనే ఫినైల్‌అలనిన్ కూడా చూడాలి, అయితే తేలిన బిడ్డకు ఏడాది పొడి ఎవరు ఇస్తారో ముందే రాసి పెట్టుకున్న జిల్లాల నుంచి మొదలుపెట్టాలి. ఆ ఏడాది లెక్కలో ఒకటి మరిచిపోతుంటారు. ఆరేళ్లకు పథ్యం ఆపొచ్చని ఒకప్పుడు అమెరికాలో ఆపారు. ఆపినవాళ్ల చదువు దెబ్బతిన్నది. ఆపేసిన ఆడపిల్లలు పెద్దై తల్లులైనప్పుడు, జబ్బు లేని బిడ్డలే చిన్న తలతో, గుండె లోపాలతో పుట్టారు, కడుపులోనే తల్లి రక్తంలోని ఫినైల్‌అలనిన్ తగిలింది కనుక. ఇవాళ మడమ గుచ్చిన పాపకు, నెల తప్పకముందే అంకె 360 లోపుకు దించి పెట్టుకోవడానికి, పాతికేళ్ల తర్వాత కూడా అదే పొడి డబ్బా, అదే రక్తపరీక్ష అందాలి.