వేలం రోజు దాకా ఆగితే ఇల్లు దక్కదు

ఇంటి లోను కట్టలేకపోతే ఏమవుతుందని అడిగితే మన ఊళ్లలో చాలామంది చెప్పే మాట ఒకటే: "వేలం రోజుకి డబ్బు సర్ది కట్టేద్దాంలే." ఈ మాట నమ్మితే ఇల్లు పోతుంది. ఎందుకో చెబుతా, ఓపిగ్గా చదవండి.

మన పంట డబ్బు ఆరు నెలలకోసారి వస్తే, కిస్తీ మాత్రం నెల నెలా కట్టాలి. ఒక రైతు లోను ఇంకా 9 లక్షలుంది, కిస్తీ 12,000 అనుకుందాం. జనవరి 5 నుంచి కట్టలేదు. మార్చి ఆఖరుకి బాకీ మూడు కిస్తీలు, అంటే 36,000. అప్పటికి అది కడితే సరిపోతుంది. 90 రోజులు దాటాయంటే మాత్రం లోను మొండి బాకీ అవుతుంది. ఆ తర్వాత ఒక కిస్తీ కట్టి ఊరుకుంటే కుదరదు, ఆగిన కిస్తీలన్నీ కట్టాలి.

అప్పటికీ కట్టకపోతే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వస్తుంది. ఇందులో అడిగేది 36,000 కాదు, మొత్తం 9 లక్షలు, దాని మీద వడ్డీ. పోస్ట్‌మ్యాన్ తెస్తే తీసుకోకుండా తిప్పి పంపేవాళ్లున్నారు. దానివల్ల గడువు ఆగదు, మనకే ఏమీ తెలియకుండా పోతుంది. తీసుకోండి. లెక్క తప్పుంటే కాగితం మీద రాసివ్వండి. 15 రోజుల్లో బ్యాంకు జవాబు ఇచ్చి తీరాలి.

60 రోజులు గడిచాక గోడకి స్వాధీనం నోటీసు అంటిస్తారు, పేపర్లో కూడా వేస్తారు. ఇది కాగితం మీద స్వాధీనమే, సామాన్లు బయటపెట్టడం కాదు. దీని మీద 45 రోజుల్లో డీఆర్‌టీకి వెళ్లొచ్చు. మనకి హైదరాబాదులోనూ, విశాఖలోనూ ఉన్నాయి. ఖాళీ చేయకపోతే బ్యాంకు కలెక్టరు దగ్గర ఉత్తర్వు తెచ్చుకుంటుంది.

అసలు మెలిక ఇక్కడుంది. 2016లో చట్టం మార్చారు. మొత్తం బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు వేలం రోజు దాకా ఉండదు, వేలం ప్రకటన వెలువడే తేదీకి ముందే కట్టాలి. మొదటి వేలమైతే ఆ ప్రకటనకీ వేలానికీ మధ్య 30 రోజులుంటాయి. ఆ నెల మనదే అనుకుని మిర్చి అమ్మి డబ్బు తెచ్చేవాడికి దారి మూసుకుపోయి ఉంటుంది.

"పొలం జోలికి రారుగా" అంటారు కొందరు. నిజమే, వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదు. తాకట్టు పెట్టిన ఇంటికి ఆ రక్షణ లేదు.

నా అభిప్రాయం ఇది. కట్టే దారి లేదనిపిస్తే 60 రోజుల నోటీసు దశలోనే బ్యాంకు దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని మనమే కొనేవాణ్ని చూసుకోవాలి. అనుమతి లేకుండా అమ్మితే చెల్లదు. వేలంలో 12 లక్షలు వచ్చి, బాకీ, ఖర్చులు పోను మిగిలితే ఆ మిగులు మనదే, అడిగి తీసుకోండి. కానీ తక్కువకి పోతే ఇల్లూ ఉండదు, మిగతా అప్పూ మన నెత్తినే ఉంటుంది.