శాతం చూసి బెదరొద్దు, పసిబిడ్డ విషయంలో తేలిగ్గా తీసుకోవద్దు

"లింఫోసైట్లు తగ్గాయంటే ఇమ్యూనిటీ పోయినట్టే" అన్న మాట కోల్‌కతాలోని మన తెలుగు ఇళ్లలోనూ బాగా పాతుకుపోయింది. వానలు తగ్గుముఖం పట్టగానే డెంగీ జ్వరాలు మొదలవుతాయి. ఇంటింటా ఒక రక్తపరీక్ష కాగితం, అందులో లింఫోసైట్ల శాతం పక్కన 'తక్కువ' అన్న గుర్తు. సాయంత్రానికల్లా ఇమ్యూనిటీ మాత్రల డబ్బా ఇంట్లో ఉంటుంది. ఆ మాట తప్పు. పైగా అది పెద్దవాళ్లను అనవసరంగా భయపెడుతూ, నిజంగా ప్రమాదంలో ఉన్న పసిబిడ్డను మన కంట పడనివ్వడం లేదు.

ముందు ఆ శాతం సంగతి చూద్దాం. నలభై అయిదేళ్ల ఉబ్బసం మనిషికి ఆయాసం వచ్చి, రోజుకు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ మొదలుపెట్టారనుకోండి. మర్నాడు తెల్లకణాలు మొత్తం 11,000, లింఫోసైట్లు 9 శాతం. లెక్క కడితే 990. పెద్దవాళ్లలో వెయ్యికి తగ్గితే తక్కువ అంటాం కాబట్టి కాగితం మీద ఇది తక్కువే. కానీ ఆ కణాలు చచ్చిపోలేదు. స్టెరాయిడ్ వేసిన కొద్ది గంటల్లోనే అవి చాలావరకు రక్తం వదిలి ఎముక మజ్జలోకి తరలిపోతాయి. అదే సమయంలో రక్తనాళాల గోడలను అంటిపెట్టుకుని ఉన్న న్యూట్రోఫిల్స్ రక్తప్రవాహంలోకి వచ్చేస్తాయి. ఒకటి తగ్గి మరొకటి పెరగడంతో శాతం ఇంకా ఘోరంగా కనబడుతుంది. ఒక్క డోసుతో ఆగితే రోజు తిరిగేసరికి లెక్క చాలావరకు సర్దుకుంటుంది. ఆయనకు కావలసింది మందు ఆపిన కొన్నాళ్లకు మరో పరీక్ష, అంతే.

డెంగీలోనూ మొదటి రోజుల్లో లింఫోసైట్లు పడిపోతాయి, జ్వరం తగ్గే దశలో తిరిగి పెరుగుతాయి. కోవిడ్‌లో ఎంత తగ్గితే జబ్బు అంత తీవ్రమని అందరం చూశాం. అక్కడా ఆ అంకె జబ్బు తీవ్రతను చెప్పేదే తప్ప మాత్రలతో పెంచవలసినది కాదు.

అలాగని పెద్దవాళ్లలో ఎప్పుడూ పట్టించుకోనక్కర్లేదని నేననను. జ్వరం తగ్గి నెల దాటినా లెక్క వెయ్యి లోపే ఉంటే, బరువు తగ్గుతుంటే, నోట్లో తెల్లపూత వస్తుంటే హెచ్ఐవీ, క్షయ పరీక్షలు చేయించాలి. నెల రోజులకు మించి రోజూ 20 మిల్లీగ్రాములు, అంతకు పైన ప్రెడ్నిసలోన్ వాడేవాళ్లకు న్యుమోసిస్టిస్ న్యుమోనియా రాకుండా ముందుజాగ్రత్త మందు అవసరమేమో డాక్టరును అడగాలి. వాడుతున్న మందులన్నీ, పేరు తెలియని ఆయాసం పొడులతో సహా, డాక్టరుకు చెప్పాలి. అలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మిన సందర్భాలు ఉన్నాయి.

ఇక అసలు విషయం. నాలుగు నెలల బిడ్డ. నెల నుంచి విరేచనాలు, ఎంత మందు రాసినా పోని నోటిపూత, తగ్గని దగ్గు, పెరగని బరువు. తెల్లకణాలు 9,000, లింఫోసైట్లు 20 శాతం. చాలా లాబుల కాగితాల మీద పెద్దవాళ్ల హద్దులే, అంటే 20 నుంచి 40 శాతం అని అచ్చై ఉంటాయి. కాబట్టి ఇక్కడ ఏ గుర్తూ పడదు. "వైరల్ జ్వరమే, తగ్గిపోతుంది" అని ఇంటికి పంపేస్తారు. కానీ లెక్క కట్టండి: 1,800. పెద్దవాళ్లకు అది చక్కటి అంకె. ఆ వయసు బిడ్డకు మామూలుగా నాలుగు వేలు, అంతకు పైనే ఉండాలి. మూడు వేలకు తగ్గితే పుట్టుకతో వచ్చే తీవ్ర ప్రతిరక్షణ లోపం, డాక్టర్లు ఎస్‌సీఐడీ అనేది, ఉందేమోనని వెతకాలి. ఎక్స్‌రేలో థైమస్ నీడ లేకపోతే అనుమానం బలపడుతుంది. ఫ్లో సైటోమెట్రీలో టీ కణాలు లెక్కపెడితే చాలావరకు తేలిపోతుంది. లెక్క బాగున్నంత మాత్రాన జబ్బు లేదనీ కాదు. కొందరు బిడ్డల్లో తల్లి కణాలే చేరి అంకెను నింపుతాయి.

మన దేశంలో ఇది మరింత ప్రాణాంతకం, ఎందుకంటే పుట్టగానే బీసీజీ వేస్తాం. మిగతా పిల్లలకు మేలు చేసే ఆ బతికున్న క్రిమి ఈ బిడ్డలో ఒళ్లంతా పాకిపోవచ్చు. కుటుంబంలో ఇంతకుముందు ఏ పసివాడైనా కారణం తెలియని ఇన్ఫెక్షన్లతో పోయి ఉంటే, టీకా వేసేముందే చెప్పాలి. అనుమానం ఉన్న బిడ్డకు చుక్కల పోలియో, రోటావైరస్ టీకాలు ఆపాలి. రక్తం ఎక్కించవలసివస్తే రేడియేషన్ ఇచ్చిన రక్తమే ఎక్కించాలి, లేకపోతే దాతల కణాలే బిడ్డపై దాడి చేస్తాయి.

చికిత్స లేదనుకోవడమూ తప్పే. 2014లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, మూడున్నర నెలలు నిండకముందే మూలకణాల మార్పిడి జరిగిన పిల్లల్లో 94 శాతం మంది అయిదేళ్ల తర్వాతా బతికే ఉన్నారు. అమెరికాలో 2018 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ పుట్టిన ప్రతి బిడ్డకీ ఈ జబ్బును పట్టే పరీక్ష మొదలైంది. మన జాతీయ కార్యక్రమంలో ఇది లేదు. అందుకే మనకు మామూలు రక్తపరీక్ష కాగితమే తొలి ఆధారం.

కోల్‌కతా లాబులను నేను కోరేది ఒక్కటే: ఏడాదిలోపు పిల్లల కాగితం మీద పెద్దవాళ్ల హద్దులు అచ్చువేయకండి. తల్లిదండ్రులు శాతంతో సరిపెట్టుకోకుండా, మొత్తం తెల్లకణాలను శాతంతో హెచ్చవేసి వందతో భాగించండి. ఏడాదిలోపు బిడ్డకు అది మూడు వేల లోపు వస్తే, ఆ కాగితం పట్టుకుని ఆ రోజే పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లండి.