ప్రకటన ఖర్చు లేని ప్రచారం: చేనేతకు ఎంత మేలు?

పత్రికలో ప్రకటన వేయించే స్తోమత లేని చిన్న ఉత్పత్తిదారులకు చేతిలోని ఫోనే నేడు ప్రచార సాధనమయింది. అర నిమిషం వీడియో ఒకటి తీసి ఇన్‌స్టాగ్రామ్‌లోనో, యూట్యూబ్‌లోనో పెడితే వేల మంది చూస్తున్నారు. దీనికి ఒక్క రూపాయి కూడా చెల్లించనక్కరలేదు. అయితే చూసినవారందరూ కొనేవారు కారు. కొనేవారు ఒక్కసారిగా ఎక్కువైనా కష్టమేనన్న సంగతి చేనేత రంగంలో స్పష్టంగా కనిపిస్తుంది.

2019-20 నాటి నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షల మందికి పైగా నేత, అనుబంధ పనులపై ఆధారపడి ఉన్నారు. వీరిలో చాలామంది వ్యాపారి ఇచ్చిన నూలుతో, వ్యాపారి చెప్పిన డిజైన్ నేసి కూలి తీసుకునేవారే. వీడియోల ద్వారా నేరుగా అమ్ముకోగలిగితే వ్యాపారికి పోయే లాభం తమకే దక్కుతుందన్నది వారి ఆశ. ఆ ఆశలో నిజమెంతో ఒక ఉదాహరణతో పరిశీలించవచ్చు.

ఆరు చీరల లెక్క

మధ్యప్రదేశ్‌లోని చందేరీ పట్టణంలో పట్టు పడుగు, నూలు పేకతో నేసే చీరలు ప్రసిద్ధమైనవి. వాటికి 2005లోనే భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడ ఒక కుటుంబానికి ఒకే మగ్గం ఉందనీ, నెలకు ఆరు చీరలు దిగుతాయనీ అనుకుందాం. ఆ ఇంటి కుర్రవాడు పెట్టిన వీడియో ఒకటి అనుకోకుండా రెండు లక్షల మందికి చేరి, 400 మంది ధర అడిగారనుకుందాం. ఆ ప్రశ్నలకు జవాబులు చెప్పడానికే రెండు మూడు రోజులు పోతాయి. ఆరు చీరలూ అమ్ముడయ్యాక మిగిలినవారికి చెప్పగలిగేది ‘ఆగండి’ అన్న మాట ఒక్కటే.

అసలు ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది. వచ్చిన గిరాకీని వదులుకోలేక మరమగ్గంపై దిగిన నకలు చీరలను తెచ్చి కలిపి అమ్మితే ఆ నెల లాభం పెరుగుతుంది. అయితే తేడా గుర్తించిన ఒక్క కొనుగోలుదారు వీడియో కింద నాలుగు మాటలు రాసినా ఆ ఇంటి పేరు పోతుంది.

దీనికి భిన్నంగా వారానికి మూడు చొప్పున నెలకు 12 వీడియోలు పెట్టి, ఒక్కొక్కటి రెండు వేల మందే చూసినా, వారిలో 60 మంది వివరాలు అడిగి, ఆరుగురు కొంటే మగ్గానికి అంతకు మించిన గిరాకీ అవసరం లేదు. ఈ అంకెలు ఊహించినవే గానీ వాటి తర్కం మాత్రం మారదు. మగ్గం వేగం పెరగనప్పుడు ప్రచారం వేగం పెంచి ప్రయోజనం లేదు. చిన్న ఉత్పత్తిదారుకు కావలసింది ఒక్కరోజు సంచలనం కాదు, క్రమం తప్పని పరిచయం.

చూపవలసింది ఏమిటి?

కొత్త వీడియోను ఈ సంస్థలు మొదట కొద్దిమందికి చూపుతాయి. వారు చివరి వరకు చూస్తే, ముఖ్యంగా మరొకరికి పంపితే, దానిని ఇంకా ఎక్కువ మందికి చేరుస్తాయి. అందువల్ల మొదటి రెండు మూడు క్షణాలలోనే చూడదగ్గది కనిపించాలి. నమస్కారంతో మొదలయ్యే వీడియో కన్నా నాడె పరుగుతోనో, చీరను మగ్గం నుంచి కోసే దృశ్యంతోనో మొదలయ్యే వీడియో నిలుస్తుంది. కండెలు చుట్టడం, పడుగు అతకడం, బుటా నేయడం, చీర తిరగవేసి వెనుక వైపు చూపడం వంటివి ఒక్కొక్కటి ఒక్కో వీడియో అవుతాయి. పని ఆపి నటించనక్కరలేదు. వారానికి ఒక పూట పని జరుగుతుండగానే ముక్కలుగా తీసి ఉంచుకుంటే సరిపోతుంది. రోజూ రెండు గంటలు వీడియోలకే పోతే వారంలో ఒకటిన్నర పనిదినం పోయినట్లే. ‘ఉచిత’ ప్రచారానికి అసలు ఖర్చు అదే.

సినిమా పాట జోడిస్తే ఎక్కువ మంది చూస్తారన్నది సాధారణ అభిప్రాయం. కానీ ఇన్‌స్టాగ్రామ్‌లో వ్యాపార ఖాతాలకు చాలా పాటలు వాడుకునే హక్కు లేదు. హక్కు లేని పాట పెడితే వీడియో మూగబోవచ్చు. మగ్గం చప్పుడుకు అటువంటి చిక్కు లేదు.

ధర దాచి ‘మెసేజ్ చేయండి’ అనడం మరో పొరపాటు. ధర కనిపిస్తే అడిగేవారు తగ్గుతారు. కానీ మిగిలేవారిలో కొనగలవారే ఎక్కువ. రంగు విషయంలోనూ జాగ్రత్త అవసరం. ట్యూబ్‌లైటు కింద తీసిన చీర ఇంటికి చేరాక మరో రంగులో కనిపిస్తే తిరిగి వస్తుంది, రానుపోను పార్సెల్ ఖర్చు నేతకారుడిపైనే పడుతుంది. పగటి వెలుతురులో, పక్కన తెల్ల కాగితం ఉంచి తీస్తే ఈ తేడా చాలావరకు తగ్గుతుంది. డబ్బు పంపినట్లు వచ్చే ఫోటోను నమ్మి సరుకు పంపడం కూడా తగదు. అటువంటి ఫోటోలను తయారు చేయడం మోసగాళ్లకు తేలిక కనుక సొమ్ము బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూసుకున్నాకే పార్సెల్ కట్టాలి.

పెట్టుబడి ఎవరిది?

వ్యాపారి తీసుకునే లాభం వెనుక ఒక బాధ్యత కూడా ఉంది. నూలు, పట్టు, జరీ అతడే ఇస్తాడు. చీర అమ్ముడుపోయినా పోకపోయినా కూలి చెల్లిస్తాడు. నేరుగా అమ్ముకునే నేతకారుడు నూలు తానే కొనాలి, చీర అమ్ముడయ్యే వరకు ఆగాలి. చీరకు 1,800 రూపాయల సరుకు పడుతుందనుకుంటే ఆరు చీరలకు 10,800 రూపాయలు ముందే కావాలి. అప్పు తెచ్చి ఈ పని మొదలుపెడితే వడ్డీకే లాభం పోతుంది. నెలకు ఒక్క చీరను సొంత సరుకుతో నేసి, వీడియో ద్వారా అమ్మి, వచ్చిన దానితో రెండో చీరకు నూలు కొనడం నిదానమైన మార్గమే అయినా నిలకడైనది. వ్యాపారి ఇచ్చిన డిజైన్‌ను సొంతంగా అమ్మితే ఉన్న కూలి పని కూడా పోగలదన్నది మరువరాదు.

అద్దె నేలపై అంగడి

అన్నిటికన్నా పెద్ద పరిమితి మరొకటి ఉంది. ఈ అంగడి ఉన్న నేల అమ్మకందారుది కాదు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్ సహా 59 యాప్‌లను నిషేధించినప్పుడు ఏళ్ల తరబడి అక్కడ వీక్షకులను కూడగట్టుకున్నవారు ఒక్కరోజులో వారిని పోగొట్టుకున్నారు. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ జూలైలో, యూట్యూబ్ షార్ట్స్ సెప్టెంబరులో మన దేశానికి వచ్చాయి. అయినా పాత వీక్షకుల జాబితాను వెంట తీసుకుపోయే దారి లేకపోయింది. పొరుగున ఉన్న నేపాల్‌లో 2025 సెప్టెంబరు 4న ప్రభుత్వం నమోదు కాలేదన్న కారణంతో 26 సామాజిక మాధ్యమాలపై వేటు వేసింది. తీవ్ర ఆందోళనల తర్వాత కొద్ది రోజులకే నిషేధం ఎత్తివేసినా, ఆ రోజులలో ఫేస్‌బుక్, యూట్యూబ్‌లతో పాటు వాట్సాప్‌ కూడా నిషేధం పరిధిలోనే ఉంది. నిషేధమే రానక్కరలేదు. సంస్థ తన పద్ధతి మార్చుకున్నా, ఖాతా పాస్‌వర్డ్ దొంగల పాలైనా ఫలితం అదే.

ఈ నేపథ్యంలో కొన్న ప్రతి వ్యక్తి పేరు, ఫోన్ నంబరు, ఊరు, ఇష్టపడిన రంగు వారి అనుమతితో ఒక పుస్తకంలో రాసి ఉంచుకోవడం అన్నిటికన్నా విలువైన పని. కొత్త చీర మగ్గం దిగిన రోజున ఆ జాబితాలోని పదిమందికి ఫోన్ చేస్తే చాలు. వీడియో అపరిచితుడిని గడప వరకు తీసుకురాగలదు. రెండోసారి రప్పించేది సరుకు నాణ్యత, ఆ పుస్తకమే. ఈ ప్రచారం ఫలించిందో లేదో తేల్చవలసింది కూడా వీక్షణల సంఖ్య కాదు, ఏడాది చివర పుస్తకంలో ఎన్ని పేర్లు రెండోసారి కనిపించాయన్న లెక్క.