పదిలో ఆరు

కాలేజీ క్లబ్బులో బిట్‌కాయిన్ చార్టు తెర మీద వేయగానే మొదటి ప్రశ్న వచ్చింది: "సార్, ఇప్పుడు పెరుగుతుందా?" ఆ ప్రశ్నకు చార్టు దగ్గర జవాబు లేదు. ఇలాంటి ఆకారం గతంలో వందసార్లు కనిపిస్తే అరవైసార్లు ధర పెరిగిందనడం వరకే దాని పని. ఈసారిది ఆ అరవైలో పడుతుందో, మిగతా నలభైలో పడుతుందో అది చెప్పదు. అందుకే బోర్డు మీద ఒక లెక్క వేశాను. గెలిస్తే వెయ్యి లాభం, ఓడితే వెయ్యి నష్టం అనుకుందాం. పది బేరాల్లో ఆరు వేలు వచ్చి నాలుగు వేలు పోతే మిగిలేది రెండు వేలు. కానీ మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను ఉంది, నష్టాన్ని ఆ లాభంలోంచి తీసేసుకోనివ్వరు. కాబట్టి పన్ను రెండు వేల మీద కాదు, మొత్తం ఆరు వేల మీద పడుతుంది: 1,800 రూపాయలు. చేతికొచ్చేది 200, అదీ సెస్సు, ఎక్స్ఛేంజి రుసుములు పోకముందు. పదిలో ఆరుసార్లు సరిగ్గా చదివినవాడి పరిస్థితే ఇది. అందుకే పెరుగుతుందా అని అడగొద్దన్నాను. ఎన్నిసార్లలో ఎన్నిసార్లు, గెలిస్తే ఎంత, ఓడితే ఎంత, ఖర్చులు పోను ఎంత? ఇవి తేలకుండా ఏ గీత మీదా ఫీజు డబ్బు పెట్టకండి.