చిల్లర కొట్టు అప్పు: సంతకానికి ముందు చూడాల్సిన నాలుగు లెక్కలు

2025 జూన్‌లో కుప్పం మండలం నారాయణపురంలో, భర్త తీసుకున్న రూ.80,000 అప్పు కోసం ఒక మహిళను చెట్టుకు కట్టేశారు. అది ప్రైవేటు వ్యక్తి ఇచ్చిన అప్పు. అలాంటి అప్పుకు ప్రోనోటు తప్ప వేరే లెక్క కనిపించదు. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల సంగతి వేరు. 2024 అక్టోబర్ 1 నుంచి చిన్న వ్యాపారులకిచ్చే టర్మ్ లోన్లకు కూడా ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది. అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో దాన్ని ఇవ్వాలి. ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు గడువుండాలి. అందులో ఏం చూడాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

మదనపల్లెలో ఒక చిల్లర కొట్టుకు లక్ష రూపాయలు, 24% వడ్డీ, 24 నెలల అప్పు అనుకుందాం. ప్రాసెసింగ్ ఫీజు 2%, దానిపై జీఎస్టీ కలిపి రూ.2,360. బీమాకు మరో రూ.1,500. చేతికొచ్చేది రూ.96,140 మాత్రమే. ఇది మొదటి లెక్క.

రెండోది నెల కంతు. మిగిలిన అసలు మీదే వడ్డీ వేస్తే కంతు రూ.5,287, మొత్తం కట్టేది సుమారు రూ.1,26,890. అదే 24%ను ‘ఫ్లాట్’గా, అంటే చివరిదాకా లక్ష మీదే వేస్తే కంతు రూ.6,167 అవుతుంది. రెండూ పైకి నూటికి రెండు రూపాయల వడ్డీగానే వినిపిస్తాయి. రెండు సంవత్సరాల్లో తేడా రూ.21,000 దాటుతుంది.

మూడోది ‘ఏపీఆర్’. ఫీజులను కూడా కలిపి చెప్పే అసలు వార్షిక ధర ఇదే. మన ఉదాహరణలో 24% కాస్తా సుమారు 28% అవుతుంది. ఫ్లాట్ అయితే ఫీజులు కలపకముందే దాదాపు 41%. నోటిమాటగా చెప్పిన వడ్డీకి, ఏపీఆర్‌కు మధ్య ఇంత దూరం కనిపిస్తే అక్కడే ఆగి అడగాలి. ఈ పత్రంలో రాయని ఫీజును, అప్పు తీసుకున్నవారు స్పష్టంగా ఒప్పుకోకుండా తర్వాత వసూలు చేయకూడదు.

నాలుగోది జరిమానా. టమాటా ధర పడిపోతే మదనపల్లె, పుంగనూరు చుట్టుపక్కల కొట్లలో అరువులు పెరుగుతాయి, కంతు తప్పుతుంది. అప్పుడు జరిమానా వేయొచ్చు. కానీ 2024 నుంచి అమలైన రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం దాన్ని వడ్డీ రేటుకు కలపకూడదు, అసలుకు జోడించి మళ్లీ వడ్డీ వేయకూడదు. దీన్ని కనిపెట్టడం తేలికే. మొదటి నెల కంతులో వడ్డీ రూ.2,000, అసలు రూ.3,287. కాబట్టి రెండో నెల వడ్డీ రూ.1,934. ప్రతి నెలా స్టేట్‌మెంట్‌లో వడ్డీ మిగిలిన అసలులో నూటికి రెండు కాకుండా ఎక్కువుంటే, జరిమానా అసలులో కలిసిందేమో అడగాలి.

అడిగేది రాతపూర్వకంగా అడగాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. కొట్టు యజమాని దగ్గర ఈ నాలుగు అంకెలు ఒక కాగితం మీద ఉంటే, ఆ ఫిర్యాదు రాయడానికి విద్యార్థులు సాయం చేయగలరని మేము చెబుతున్నాం.