తెగినచోటునుంచే

అపార్ట్‌మెంట్ సంఘం మీటింగులో ఒకావిడ "మోటారు రోజూ ఆగిపోతోంది, ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు, కెపాసిటర్ పోయిందన్నాడు" అని ఊపిరి తీసుకోగానే పక్కాయన అందుకున్నారు. మూడోసారీ అంతే. అందరూ ఆయన దురుసుతనాన్నే తప్పుపడతారు. నేను మాత్రం ఆమె ఆగిన చోటు చూస్తాను. వాక్యం ముగిసినట్టు వినిపించే చోటే మాట్లాడే వంతు చేతులు మారుతుందని 1974లోనే సంభాషణ విశ్లేషకులు సాక్స్, షెగ్లాఫ్, జెఫర్సన్ చూపారు. మనం కారణాలన్నీ పేర్చి, అసలు మాట చివర్లో చెబుతాం. అది నోటిదాకా వచ్చేలోపే వంతు పోతుంది. అందుకే ముందే "కెపాసిటర్ ఈ వారమే మార్పించాలి, కారణాలు రెండు" అనేయాలి. రెండు అన్నాక, మొదటిది చెప్పి ఆగినా వంతు ఇంకా మనదేనని సభకు తెలుస్తుంది. అయినా అడ్డొస్తే గొంతు పెంచొద్దు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా వినపడదు. ఆయన వాక్యం పూర్తవగానే, అదే గొంతుతో "రావుగారూ, నా రెండో కారణం మిగిలింది" అంటూ తెగినచోటునుంచే అందుకోవాలి. మళ్లీ మొదటికి వెళ్తే, చెప్పిందే చెబుతున్నారంటారు. అప్పటికీ ఆగకపోతే అధ్యక్షుల్నే వంతు ఇప్పించమని అడగాలి. అది ఫిర్యాదు కాదు, వారి బాధ్యత. మర్యాద కోసం మాట వదులుకోనక్కర్లేదు.